లాగిన్ అయింది నిజమే, ఫోన్ పేరే అనుమానం

“మీ ఖాతాలోకి కొత్త డివైస్ నుంచి లాగిన్ అయ్యారు. డివైస్: లినక్స్ కంప్యూటర్. బ్రౌజర్: క్రోమ్. ప్రదేశం: చెన్నై.”

నంద్యాలలో ఉండే ఒక టీచర్‌కి రాత్రి 9 గంటలు దాటాక ఇలాంటి మెయిల్ వచ్చిందనుకుందాం. ఆవిడ ఇంట్లో కంప్యూటరే లేదు. చెన్నై వెళ్లి ఏళ్లు దాటింది. లినక్స్ అనే మాట ఎక్కడో విన్నట్టుంది తప్ప అదేమిటో తెలియదు. ఎవరో తన ఖాతాలో దూరారని కంగారుపడి గబగబా పాస్‌వర్డ్ మార్చారు. కొత్త పాస్‌వర్డ్‌తో మళ్లీ లాగిన్ అయ్యారు. నిమిషం తిరక్కుండా అదే మెయిల్ మళ్లీ వచ్చింది. అదే లినక్స్ కంప్యూటర్, అదే చెన్నై.

దొంగ ఎవరూ లేరు. రెండుసార్లూ లాగిన్ అయింది ఆవిడే, చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ నుంచే. దరఖాస్తు ఫారం ఫోన్ తెర మీద సరిగా పట్టడం లేదని క్రోమ్ మెనూలో ‘డెస్క్‌టాప్ సైట్’ అన్న చోట టిక్ పెట్టారు. ఆ ఒక్క టిక్‌తో ఫోన్‌లోని బ్రౌజర్ తనను కంప్యూటర్‌లో ఉన్నట్టు పరిచయం చేసుకుంది. మెయిల్ తయారుచేసినవాళ్లు ఆ పరిచయాన్నే తాము పరిశీలించి తేల్చిన నిజంలా రాసేశారు.

బ్యాంకుల నుంచి, మెయిల్ సర్వీసుల నుంచి, ఆన్‌లైన్ షాపుల నుంచి, కాలేజీ పోర్టళ్ల నుంచి ఇలాంటి కబుర్లు మనందరికీ వస్తుంటాయి. ఇప్పుడు చిన్న సంస్థలు కూడా పంపుతున్నాయి. వాటిని పంపడం మంచిదే. అయితే వాటిలో డివైస్ పేరు రాసే వరుస దగ్గర ఒక పొరపాటు పదేపదే జరుగుతోంది. సర్వర్‌కు తెలిసిన సంగతినీ, సర్వర్‌కు ఎవరో చెప్పిన సంగతినీ కలిపి ఒకే గొంతుతో చెప్పేస్తున్నారు.

పరిచయం చేసుకునేది బ్రౌజరే

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర విజిటర్ల రిజిస్టర్ ఉంటుంది. వచ్చిన మనిషి పేరు, ఎవరి ఫ్లాట్‌కి, ఏ పని మీద అన్నవి తానే రాస్తాడు. టైము మాత్రం వాచ్‌మన్ గోడ గడియారం చూసి వేస్తాడు. రేపు ఏదైనా గొడవైతే టైము గురించి వాచ్‌మన్ గట్టిగా మాట్లాడగలడు. పేరు గురించి మాత్రం “ఆయన అలా రాశాడండీ” అనడం తప్ప ఏమీ చెప్పలేడు.

వెబ్‌సైట్ సర్వర్ పరిస్థితి సరిగ్గా అదే. మనం ఏ పేజీ తెరిచినా బ్రౌజర్ తన గురించి ఒక వరుస పంపుతుంది. దాన్ని యూజర్ ఏజెంట్ అంటారు. ఆ టీచర్ ఫోన్‌లోని క్రోమ్ మామూలుగా పంపే వరుస ఇలా ఉంటుంది:

```
Mozilla/5.0 (Linux; Android 10; K) AppleWebKit/537.36
(KHTML, like Gecko) Chrome/124.0.0.0 Mobile Safari/537.36
```

డెస్క్‌టాప్ సైట్ టిక్ పెట్టాక అదే ఫోన్, అదే క్రోమ్ పంపేది ఇది:

```
Mozilla/5.0 (X11; Linux x86_64) AppleWebKit/537.36
(KHTML, like Gecko) Chrome/124.0.0.0 Safari/537.36
```

ఇక్కడ పత్రికలో పట్టడానికి రెండుగా విరిచినా, అసలు అది ఒకే వరుస. రెండోదాంట్లో ఆండ్రాయిడ్ అన్న మాట పోయింది. మొబైల్ అన్న మాట కూడా పోయింది. లినక్స్ నడిచే మామూలు కంప్యూటర్ పంపే వరుసకూ దీనికీ తేడా కనిపెట్టడానికి ఈ అక్షరాల్లో ఏమీ మిగల్లేదు. అలా ఉండాలనే దాన్ని తయారుచేశారు. సైట్ ఇది కంప్యూటరే అనుకుంటేనే కదా కంప్యూటర్‌కి పంపే పేజీ పంపుతుంది!

అసలు ఈ వరుస పుట్టిందే ఇలాంటి సర్దుబాట్ల మధ్య. పై రెండింటిలోనూ మొదట ‘Mozilla’ అని ఉంది. అది 1990లలో నెట్‌స్కేప్ బ్రౌజర్ వాడిన పేరు. కొన్ని సైట్లు ఆ పేరు చెప్పిన బ్రౌజర్‌కే మంచి పేజీలు ఇచ్చేవి. దాంతో తర్వాత వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా తన వరుసను అదే పేరుతో మొదలుపెట్టింది. ఆ తర్వాత వచ్చినవన్నీ ఆ దారే పట్టాయి. నేటి క్రోమ్ తన వరుసలో మొజిల్లా పేరు, యాపిల్ వెబ్‌కిట్ పేరు, సఫారీ పేరు అన్నీ మోస్తుంది. పేజీ సరిగా తెరుచుకోవడానికి అల్లుకున్న మాటల మూట అది. మనిషిని గుర్తుపట్టడానికో, ఫోన్‌ను గుర్తుపట్టడానికో పనికొచ్చే గుర్తింపు కార్డుగా దాన్ని ఎవరూ తయారుచేయలేదు.

పైగా దాన్ని మార్చడం ఎవరికైనా చేతనవుతుంది. కంప్యూటర్ బ్రౌజర్లలో డెవలపర్ల కోసం ఉండే పనిముట్లలోనే ఆ వరుసను కోరినట్టు మార్చుకునే వీలుంది. అంటే ఖాతాలో దొంగతనంగా దూరినవాడు తన కంప్యూటర్‌ను ఐఫోన్ అని చెప్పించగలడు. సర్వర్ ఆ మాటే రాసుకుంటుంది.

మోడల్ పేరు ఎక్కడికి పోయింది?

ఒకప్పుడు ఆండ్రాయిడ్ క్రోమ్ పంపే వరుసలో ఫోన్ మోడల్ నంబరు నిజంగానే ఉండేది. ఉదాహరణకు SM-A525F అని ఉంటే అది శాంసంగ్ గెలాక్సీ ఏ52 అని జాబితా చూసి చెప్పేవారు. “మీ గెలాక్సీ ఏ52 నుంచి లాగిన్” అని రాసే అలవాటు ఆ రోజుల్లో పడింది.

అయితే అంత వివరం ప్రతి సైట్‌కీ అందుతుంటే, వాటన్నిటినీ జోడించి మనిషి ఏయే సైట్లకు వెళ్తున్నాడో వెంటాడవచ్చు. అందుకే గూగుల్ ఈ వరుసను దశలవారీగా కుదించింది. 2022లో క్రోమ్ వెర్షన్ నంబరులోని చివరి అంకెలన్నీ సున్నాలయ్యాయి. 2023లో ఆండ్రాయిడ్ ఫోన్ల వంతు వచ్చింది. అప్పటి నుంచి ఫోన్‌లో ఉన్నది ఆండ్రాయిడ్ 12 అయినా 14 అయినా వరుసలో ‘Android 10’ అనే వస్తుంది. మోడల్ చోట ‘K’ అనే ఒక్క అక్షరం వస్తుంది. అది ఏ ఫోన్ పేరూ కాదు. ఏడు వేల రూపాయల ఫోనైనా, లక్ష రూపాయల ఫోనైనా క్రోమ్‌లో అదే K.

ఈ మార్పు తెలియని పాత ప్రోగ్రాములు ఇంకా నడుస్తున్నాయి. అవి K అన్న అక్షరాన్ని మోడల్ అనుకుని “డివైస్: K, ఆండ్రాయిడ్ 10” అని మెయిల్‌లో వేసేస్తాయి. కొత్తగా కొన్న ఫోన్‌లో ఆండ్రాయిడ్ 14 ఉన్నవాడికి ఆ మెయిల్ చూస్తే ఎవరిదో పాత ఫోన్ అనిపించక ఏమవుతుంది?

కంప్యూటర్ల సంగతీ అంతే. విండోస్ 11 వచ్చింది 2021లో. కానీ అది కూడా వరుసలో ‘Windows NT 10.0’ అనే చెబుతుంది. విండోస్ 10 చెప్పేదీ అదే. యాపిల్ మ్యాక్‌లలో ఇంటెల్ చిప్ ఉన్నా, యాపిల్ సొంత చిప్ ఉన్నా సఫారీ, క్రోమ్ రెండూ ‘Intel Mac OS X 10_15_7’ అనే పంపుతాయి. 2019లో ఐప్యాడ్‌కు ఐప్యాడ్ ఓఎస్ 13 వచ్చినప్పటి నుంచి ఐప్యాడ్‌లోని సఫారీ మామూలుగా తనను మ్యాక్ కంప్యూటర్‌గా చెప్పుకుంటోంది. అమెరికాలో ఉన్న కొడుకు కొనిచ్చిన ఐప్యాడ్‌లో లాగిన్ అయిన తండ్రికి “మ్యాక్ కంప్యూటర్ నుంచి లాగిన్” అని మెయిల్ వస్తే ఆయన ముందు కొడుకుకి ఫోన్ చేస్తాడు. కొడుకు కంప్యూటర్ తెరవలేదంటాడు. ఇద్దరూ భయపడతారు.

మోడల్ తెలుసుకునే దారి పూర్తిగా మూసుకుపోలేదు. క్రోమ్‌లాంటి బ్రౌజర్లను సర్వర్ ప్రత్యేకంగా అడిగితే `Sec-CH-UA-Model` అనే వరుసలో మోడల్ చెబుతాయి. సఫారీ, ఫైర్‌ఫాక్స్ ఆ పద్ధతిని పాటించవు. ఫోన్‌లో దించుకున్న యాప్ అయితే మోడల్‌ను సిస్టమ్‌నే అడగగలదు కాబట్టి బ్రౌజర్ కంటే నయం. కానీ అప్పుడు కూడా తెలిసేది ఏ రకం ఫోన్ అన్నదే. భార్యాభర్తలిద్దరూ ఆఫర్‌లో ఒకే మోడల్ కొనుక్కున్న ఇంట్లో, ఆ పేరు చూసి ఎవరి ఫోనో చెప్పలేం. ఆ మోడల్ ఊళ్లో ఇంకా వందలమంది దగ్గర ఉంటుంది.

కొత్త డివైస్ అన్న మాటా అనుమానమే

మెయిల్‌లో మొదటి వరుసలోనే ఉన్న ‘కొత్త డివైస్’ సంగతి చూద్దాం. సర్వర్ పాత, కొత్త ఎలా తేలుస్తుంది? చాలా సైట్లు మొదటిసారి లాగిన్ అయినప్పుడు బ్రౌజర్‌లో కుకీ అనే చిన్న గుర్తు దాస్తాయి. తర్వాత వచ్చినప్పుడు ఆ గుర్తు కనిపిస్తే పాత పరిచయం, లేకపోతే కొత్త. అంటే కొత్తదని తేలింది కుకీ లేకపోవడం వల్లే. ఫోన్ కొత్తదా పాతదా అన్నది ఆ లెక్కలోకి రాలేదు.

ఆ గుర్తు పోవడానికి ఎన్నో మామూలు కారణాలున్నాయి. ఫోన్‌లో జాగా చాలక బ్రౌజర్ డేటా తుడిచేసి ఉండవచ్చు. ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరిచి ఉండవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో కనిపించిన లింకు నొక్కితే ఆ యాప్ లోపలే పేజీ తెరుచుకుంటుంది. ఆ లోపలి బ్రౌజర్ కుకీలు వేరు, క్రోమ్ కుకీలు వేరు. అలా ఒకే ఫోన్ నుంచి ఒకే సాయంత్రం క్రోమ్‌లో ఒకసారి, ఇన్‌స్టాగ్రామ్ లోపల ఒకసారి, ఇన్‌కాగ్నిటోలో ఒకసారి లాగిన్ అయితే మూడు ‘కొత్త డివైస్’ మెయిళ్లు వస్తాయి. ఇక్కడ సర్వర్ నిజాయతీగా చెప్పగలిగింది “ఈ బ్రౌజర్‌ను ఇంతకుముందు చూసిన గుర్తు మాకు లేదు” అన్నంత వరకే.

ఊరి పేరుకి ఇంకా తక్కువ ఆధారం. సర్వర్‌కు కనిపించేది ఐపీ అడ్రస్. మొబైల్ డేటా వాడుతున్నప్పుడు టెలికం కంపెనీ ఒకే బయటి ఐపీ అడ్రస్‌ను ఎంతోమంది చందాదారులకు కలిపి ఇస్తుంది. ఐపీ అడ్రస్‌ను ఊరితో జతచేసే జాబితాలు ఆ అడ్రస్ ఎక్కడి నెట్‌వర్క్ కేంద్రానికి చెందినదో అంచనా వేసి ఒక నగరం పేరు ఇస్తాయి. అందుకే నంద్యాలలో కూర్చున్న మనిషి చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో, ముంబైలోనో ఉన్నట్టు కనిపించవచ్చు. వీపీఎన్ వాడితే దేశమే మారిపోతుంది.

తప్పు రెండు వైపులా కోస్తుంది

ఇలాంటి తప్పు వివరం వల్ల నిష్కారణంగా కంగారు పుడుతుందన్నది సులభంగానే అర్థమవుతుంది. ఆ కంగారులో మనిషి ఏం చేస్తాడన్నది అసలు ప్రమాదం. మన టీచరు రెండో మెయిల్ చూశాక కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతుకుతారు. అక్కడ మోసగాళ్లు పెట్టిన నకిలీ నంబర్లు కాచుకుని ఉంటాయి. లేని దొంగ నుంచి కాపాడుకోబోయి ఉన్న దొంగకు ఫోన్ చేసినట్టవుతుంది. అక్కడిదాకా పోకపోయినా, నాలుగైదుసార్లు ఇలా జరిగాక ఆవిడ “ఈ మెయిల్ ఎప్పుడూ ఇలాగే వస్తుంది” అని చదవడం మానేస్తారు. నిజంగా ఎవరో దూరిన రోజున వచ్చిన మెయిల్ కూడా ఆ గుట్టలోనే పడి ఉంటుంది.

రెండోవైపు కోత ఇంకా లోతైంది, బయటికి కనిపించదు. టీచర్ పాస్‌వర్డ్ ఎవరికో దొరికింది, వాడు తన ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ తెరిచి లాగిన్ అయ్యాడు అనుకుందాం. మెయిల్ ఇలా వస్తుంది: “డివైస్: ఆండ్రాయిడ్ ఫోన్. బ్రౌజర్: క్రోమ్.” ఆవిడ ఫోన్ కూడా ఆండ్రాయిడే. తానూ క్రోమే వాడతారు. “ఓహో, నా ఫోనే” అనుకుని ఊరుకుంటారు. మన దేశంలో స్మార్ట్‌ఫోన్లలో అత్యధికం ఆండ్రాయిడ్‌వే. క్రోమ్‌లో అవన్నీ ఒకే K అని చెప్పుకుంటున్నప్పుడు దొంగ ఫోన్ వరుస, ఇంటావిడ ఫోన్ వరుస అక్షరం తేడా లేకుండా ఉండటంలో వింత లేదు. వివరం పొల్లుపోకుండా సరైనదే, అయినా అది ఆవిడకు తప్పు ధీమా ఇచ్చింది.

కాబట్టి డివైస్ పేరు చూసి “నాది”, “నాది కాదు” అని తేల్చుకోమని పాఠకుడికి వదిలేయడమే అసలు లోపం. ఏ పేరు వేసినా ఆ పేరు మీద భారం మోపకూడదు.

మరి ఎలా రాయాలి?

సర్వర్ దగ్గర గట్టి సంగతులు కొన్ని ఉన్నాయి. ఏ ఖాతాలోకి లాగిన్ జరిగింది, ఏ నిమిషంలో జరిగింది, పాస్‌వర్డ్‌తోనా ఓటీపీతోనా, అది సఫలమైందా విఫలమైందా. ఇవి సర్వర్ తన చేత్తో చేసిన పనులు. సందేశం వీటితో మొదలవ్వాలి. డివైస్ వివరం తర్వాత రావాలి. అది ఎవరు చెప్పిన మాటో కూడా చెప్పాలి. ఆ టీచర్‌కు రావలసిన మెయిల్ ఇలా ఉంటే బాగుండేది:

“మీ ఖాతాలోకి జూన్ 14, రాత్రి 9:12కి (భారత కాలమానం) పాస్‌వర్డ్‌తో లాగిన్ జరిగింది. ఈ బ్రౌజర్‌ను మేము ఇంతకుముందు గుర్తించలేదు.

ఆ సమయంలో లాగిన్ అయింది మీరే అయితే ఇంకేమీ చేయనవసరం లేదు. మీరు కాకపోతే మా యాప్ తెరిచి, సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ మార్చి, ‘అన్ని చోట్లా లాగౌట్’ నొక్కండి.

బ్రౌజర్ తెలిపిన వివరం: క్రోమ్, కంప్యూటర్ లేదా డెస్క్‌టాప్ సైట్ ఎంచుకున్న ఫోన్. ఈ వివరం ఒక్కోసారి సరిపోలకపోవచ్చు.”

‘లాగిన్ అయ్యారు’ అంటే ఎవరు అన్న ప్రశ్న వస్తుంది, చదివేవాళ్లకు తమనే అన్నట్టు తోస్తుంది. ‘లాగిన్ జరిగింది’ అనడంతో జరిగిన సంగతి చెప్పి, చేసిందెవరో తేల్చే పని ఆవిడకే వదిలినట్టయింది. ఊరి పేరు అసలే లేదు. ఇవ్వాలనుకుంటే “భారతదేశం నుంచి, సుమారుగా” అన్నంతతో ఆపవచ్చు. దేశం మారితే అది పనికొచ్చే సంగతే. జిల్లా పేరుతో ఒరిగేదేమీ లేదు.

అనుమానం ఒకే ఒక్క చోట, చివరి వరుసలో ఉంది. ఇది ముఖ్యం. వినయం పేరుతో ప్రతి వాక్యానికీ “కావచ్చు”, “అనిపిస్తోంది”, “బహుశా” తగిలిస్తే ఆ మెయిల్ వల్ల ఉపయోగం లేదు. “మీ ఖాతాలోకి లాగిన్ జరిగి ఉండవచ్చు” అని రాస్తే చదివినవాళ్లు ఏం చేయాలి? లాగిన్ జరిగిన మాట నిజం, దాన్ని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలి. తెలియనిది డివైస్ ఒక్కటే, మెత్తగా మాట్లాడాల్సింది అక్కడే.

డివైస్ వరుసలో ఏ మాట వాడాలన్నది కూడా ముందే తేల్చిపెట్టుకోవచ్చు. `Windows NT 10.0` అని వస్తే ‘విండోస్ కంప్యూటర్’ అని ఆపాలి, 10 అనో 11 అనో రాయకూడదు. `Macintosh` అని వస్తే ‘మ్యాక్ లేదా ఐప్యాడ్’. `Android` తో పాటు `Mobile` అన్న మాట ఉంటే ‘ఆండ్రాయిడ్ ఫోన్’, ఆ మాట లేకపోతే ‘ఆండ్రాయిడ్ డివైస్’. `X11; Linux` అయితే పై మెయిల్‌లో రాసినట్టు. ఏదీ అర్థం కాకపోతే ‘గుర్తుతెలియని డివైస్’ అని వేయకుండా ఆ వరుసే తీసేయడం మేలు. గుర్తుతెలియని అన్న మాట మన పేపర్లలో ఏ వార్తల్లో కనిపిస్తుందో అందరికీ తెలుసు. ప్రోగ్రాముకు అర్థంకాని ఒక అక్షరాల వరుస కోసం చదివేవాళ్లను అంత భయపెట్టనక్కర్లేదు.

భారమంతా సమయం మీద పెట్టాం కాబట్టి ఆ సమయం తప్పకూడదు. సర్వర్లు చాలావరకు అంతర్జాతీయ కాలమానంలో లెక్క రాసుకుంటాయి. అది మనకంటే అయిదున్నర గంటలు వెనక. దాన్ని మార్చకుండా మెయిల్‌లో వేస్తే రాత్రి 9:12 కాస్తా మధ్యాహ్నం 3:42 అయి కూర్చుంటుంది. ఆ టైముకి టీచరు క్లాసులో ఉన్నారు. ఇంత జాగ్రత్తగా రాసిన మెయిల్ కూడా మొదటికొస్తుంది. అలాగే మెయిల్ పంపిన సమయం కాకుండా లాగిన్ జరిగిన సమయమే వేయాలి. ఆలస్యంగా అందే మెయిళ్లు, మెసేజ్‌లు మనకు కొత్త కాదు.

మెయిల్‌లో నొక్కడానికి లింకు పెట్టకుండా యాప్ తెరవమని చెప్పడానికీ కారణం ఉంది. నకిలీ మెయిళ్లు పంపేవాళ్లు అచ్చం ఇలాంటి కబుర్లనే అనుకరిస్తారు. “మీ ఖాతాలోకి ఎవరో దూరారు, ఇక్కడ నొక్కండి” అన్నదే వాళ్ల ఎర. అసలు సంస్థ లింకు ఇవ్వకుండా ఉంటే, లింకు ఇచ్చినదాన్ని అనుమానించడం పాఠకుడికి అలవాటవుతుంది.

ఎస్సెమ్మెస్‌లో ఇంకా పొదుపు

మెసేజ్ రూపంలో పంపేటప్పుడు జాగా చాలా తక్కువ. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 పడతాయి. తెలుగు లిపిలో 70 మాత్రమే. గుణింతం గుర్తులు, వత్తులకు వేసే గుర్తులు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. పైగా మన దేశంలో సంస్థలు పంపే మెసేజ్‌ల నమూనాను టెలికం కంపెనీల డీఎల్‌టీ వ్యవస్థలో ముందే నమోదు చేయించాలి. మారే చోట్ల ఖాళీ వదలాలి. రేపు మాట సరిగా లేదనుకుంటే మళ్లీ నమోదు దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

కాబట్టి మెసేజ్‌లో డివైస్ పేరు కోసం ఖాళీ వదలకపోవడమే తెలివైన పని. “మీ ఖాతాలో 14-06, రాత్రి 9:12కి లాగిన్ జరిగింది. మీరు కాకపోతే యాప్‌లో పాస్‌వర్డ్ మార్చండి.” ఇది 90 అక్షరాల లోపే ఉంది, రెండు మెసేజ్‌ల లెక్కలోకి వస్తుంది. చివర సంస్థ పేరు వేయడానికి కూడా చోటు మిగిలింది. చెప్పవలసిందంతా ఇందులో ఉంది. డివైస్ వివరం చూడాలనుకునేవారు యాప్‌లోని లాగిన్ చరిత్రలో చూసుకుంటారు, దాని గురించి ఒక వాక్యం వివరణ రాయడానికి అక్కడ చోటుంటుంది.

పంపేముందు పరీక్షించడం కూడా పెద్ద పనేం కాదు. ఆఫీసులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో మామూలుగా ఒకసారి, డెస్క్‌టాప్ సైట్ పెట్టి ఒకసారి, ఇన్‌కాగ్నిటోలో ఒకసారి లాగిన్ అవ్వాలి. ఎవరిదగ్గరైనా ఐప్యాడ్ ఉంటే దాంట్లో ఒకసారి, విండోస్ 11 కంప్యూటర్‌లో ఒకసారి. వచ్చిన మెయిళ్లన్నీ పక్కపక్కన పెట్టి, కంప్యూటర్ల గురించి ఏమీ తెలియని సహోద్యోగికి చూపించి ఒక్క ప్రశ్న అడగాలి: “ఇందులో ఏది చూస్తే మీకు భయమేస్తుంది?” అన్ని లాగిన్లూ మనవే కాబట్టి, భయమేసిన ప్రతి చోటా మాట సవరించాల్సిందే.

ఫోనెత్తినవాళ్లకూ అదే నియమం

మెయిల్ ఎంత బాగా రాసినా కొందరు ఫోన్ చేస్తారు. అక్కడ కూర్చున్నవాళ్లు పాత పద్ధతిలో మాట్లాడితే చేసిన పని వృథా. టీచర్ ఫోన్ చేసి “చెన్నైలో లినక్స్ కంప్యూటర్ అని వచ్చిందండీ, నా దగ్గర కంప్యూటరే లేదు” అన్నారనుకోండి. “అయితే ఎవరో హ్యాక్ చేసుంటారు మేడమ్” అనడం తేలిక. “అది మీ ఫోనే మేడమ్, కంగారుపడకండి” అనడం ఇంకా తేలిక. రెండూ తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పడమే.

అడగాల్సింది ఇలా: “మేడమ్, ఆ పేరు బ్రౌజర్ చెప్పింది, అది తప్పు కావచ్చు. రాత్రి 9:12కి మీరు లాగిన్ అయ్యారా?” ఆవిడ అయ్యానంటే, డెస్క్‌టాప్ సైట్ టిక్ ఉందేమో చూడమనాలి. ఉంటే ఆ పేరు అలా ఎందుకు వచ్చిందో తెలిసిపోతుంది. లేదు, ఆ టైముకి ఫోనే ముట్టుకోలేదంటే, మెయిల్‌లో ఉన్నది ఆవిడ ఫోన్ మోడల్ అయినా సరే పాస్‌వర్డ్ మార్పించి, అన్ని చోట్లా లాగౌట్ చేయించాలి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయమని చెప్పాలి. అది సైబర్ ఆర్థిక మోసాల ఫిర్యాదు కోసం దేశమంతటికీ ఉన్న నంబరు.

మెయిల్ అందుకునే మనకు కూడా అదే వరుస పనికొస్తుంది. ముందు టైము చూడాలి, ఆ టైముకి మనమో, మన పాస్‌వర్డ్ తెలిసిన ఇంట్లోవాళ్లో లాగిన్ అయ్యామా అని గుర్తుచేసుకోవాలి. అవునంటే లినక్స్ అన్నా, చెన్నై అన్నా పట్టించుకోనక్కర్లేదు. కాదంటే, మెయిల్‌లో ఉన్నది అచ్చం మన ఫోన్ పేరే అయినా పాస్‌వర్డ్ మార్చాల్సిందే.